ఇరవై ఐదు దగ్గర ఆపెయ్

పోయిన నెల నరసరావుపేట నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. మా కోటేశ్వరరావు సారు అల్లుడట. సారు పోయాక కోచింగ్ సెంటర్ ఆయనే నడుపుతున్నాడు. "ఆదివారం పిల్లలకి రీజనింగ్ పరీక్ష మేడం, భయంతో అన్నం తినట్లేదు. మామయ్యగారు ఉన్నప్పుడు పరీక్ష ముందు రోజు పది నిమిషాలు మాట్లాడేవారు. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. మీరు ఆయన దగ్గరే చదివి ఆఫీసరయ్యారు, పుస్తకాలు కూడా రాశారు. వచ్చి నాలుగు మాటలు చెప్పండి" అన్నాడు. ఆయనకి తెలియదు, ఆ పది నిమిషాలే నన్ను ఇన్నేళ్ళుగా తినేస్తున్నాయని. వస్తానన్నాను. పొగిడి పిలిస్తే కాదనే అలవాటు నాకు ఎప్పుడూ లేదు.

శనివారం వెళ్ళాను. పాత రేకుల షెడ్డు లేదు, మూడంతస్తుల మేడ ఉంది. ఏసీ గదిలో అరవై మంది, ఒక్కొక్కరి ముందు ఒక కంప్యూటర్. మౌస్ నొక్కిన మరుక్షణం మార్కులు తెర మీద కనిపిస్తాయట, ఎవరి పేపర్ ఎవరూ దిద్దక్కర్లేదట. ఆయన గొప్పగా చెప్పుకొచ్చాడు. నీళ్ళు తాగండి, బాగా నిద్రపోండి, హాల్ టికెట్ మర్చిపోకండి అని అయిదు నిమిషాలు ఏవో చెప్పాను. చప్పట్లు కొట్టారు. సారు చెప్పినట్టు చెప్పడం నాకు రాక కాదు, ఆ మాటలు ఇప్పటికీ వరసగా అప్పజెప్పగలను. కానీ అవి నోటికి వస్తే వాటి వెనక నూరీ కూడా వస్తుంది.

మాది రొంపిచెర్ల దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక కోచింగ్ కోసం నన్ను నరసరావుపేటలో మా పెద్దమ్మ ఇంట్లో పెట్టారు. పెద్దమ్మకి అయిదింటికల్లా ఇల్లంతా నిద్ర లేవాలి. ఆమె ఎవరినీ పిలిచి లేపేది కాదు, పొయ్యి మీద మూకుడు పెట్టి ఎండుమిరపకాయలు వేయించేది. ఆ ఘాటుకి దగ్గుతూ ఎంత మొద్దు నిద్రపోయేవాళ్ళయినా లేచి కూర్చోవలసిందే. గోడ అవతల పోర్షన్‌లో షేక్ మస్తాన్ బాబాయి కుటుంబం ఉండేది. ఆయన ట్రాక్టర్ మెకానిక్. ఆయన చొక్కాలకి ఎన్నిసార్లు ఉతికినా డీజిల్ వాసన పోయేది కాదు. ఆయన భార్య ఆ చొక్కాలని విడిగా, పెరట్లో వేరే తీగ మీద ఆరేసేది. మా పెద్దమ్మ మిరపకాయలకి అటు గోడ వెనక దగ్గు వినిపించగానే, "లేచావా నూరీ, మా మొద్దును కూడా తీసుకుపో" అని కేకేసేది. నూర్జహాన్‌ని అందరూ నూరీ అనేవారు. మా పెద్దమ్మని ఆమె కూడా పెద్దమ్మా అనే పిలిచేది. నన్ను మొద్దు అనడం, ఆమెను మెచ్చుకోవడం పెద్దమ్మకి ప్రతి ఉదయం కాఫీ లాంటిది. నేను నవ్వేదాన్ని. ఆ నవ్వు కింద ఏం పేరుకుంటోందో అప్పుడు చూసుకోలేదు.

నూరీ నాకన్నా తెలివైనది, ఇందులో వినయం ఏమీ లేదు. ఎనిమిది మంది గుండ్రంగా కూర్చున్నారు, ఎవరి పక్కన ఎవరు అనే లెక్కలు ఉంటాయే, అవి చదువుతుండగానే ఆమె వేలు బల్ల మీద గుండ్రంగా తిరిగేది. నేను కాగితం మీద బొమ్మ గీసి, కొట్టేసి, మళ్ళీ గీసేసరికి ఆమె జవాబు చెప్పేసేది. "రెంచీ తిప్పినట్టేనే, ఎటు తిరుగుద్దో తెలిస్తే మిగతాది అదే వచ్చుద్ది" అనేది. కానీ మస్తాన్ బాబాయి ఆమెకి ఇచ్చింది ఒక్క ఏడాది. తమ్ముడు ఆ వచ్చే ఏడు కాలేజీలో చేరాలి. "ఇద్దర్ని ఒక్కసారి చదివించటం నా వల్ల కాదు బిడ్డా. ఈ పరీక్ష రాస్తే రాయి, తగలకపోతే ఏదో ఒక పనిలో చేరు" అని మా ఎదుటే చెప్పాడు. కోపంగా కాదు, మామూలుగా. ఆమె కూడా మామూలుగానే తలూపింది. నాకు మళ్ళీ మళ్ళీ రాసుకునే వీలుంది, ఆమెకి ఆ ఒక్కటే.

ఆ ఉద్యోగానికి మొదటి మెట్టు రీజనింగ్ ఒక్కటే. యాభై ప్రశ్నలు, నలభై ఐదు నిమిషాలు, ఒక్కోదానికి అయిదు జవాబులు. తప్పయితే పావు మార్కు కోత. సారు ప్రతి వారం ఇరవై ప్రశ్నల చిన్న పరీక్ష పెట్టేవాడు, అందులో ఎప్పుడూ నూరీయే ఫస్టు. యాభై ప్రశ్నల పూర్తి పరీక్ష మాత్రం ఒక్కటే పెట్టాడు, అసలు పరీక్షకి నాలుగు రోజుల ముందు. పక్కవాళ్ళవి చూసి రాయకుండా ఎ సెట్టు, బి సెట్టు అని రెండు రకాల పేపర్లు ఇచ్చాడు. మొదటి ఇరవై ప్రశ్నలు రెండింట్లోనూ ఒకటే, ఇరవై ఒకటి నుంచి వరస మారిపోతుంది. నాది ఎ, నూరీది బి. రాశాక పేపర్లు మార్చుకుని ఒకరిది ఒకరు దిద్దడం అక్కడి పద్ధతి. సారు బోర్డు మీద జవాబులు రాసేశాడు, ఎడమ వైపు ఎ, కుడి వైపు బి. నూరీ పేపర్ నా చేతికి వచ్చింది. నేను నా సెట్టు అలవాటులో ఎడమ వైపే చూస్తూ దిద్దుకుంటూ పోయాను. ఇరవై దాకా పందొమ్మిది రైట్లు పడ్డాయి. ఆ తర్వాత ఆమె రాసినవి ఇరవై రెండు ఉంటే అయిదు మాత్రమే కలిశాయి, పదిహేడు ఇంటూలు. మొత్తం ఇరవై నాలుగు రైటు, పద్ధెనిమిది తప్పు, కోత పోగా పందొమ్మిదిన్నర. పేపర్ సారుకి ఇచ్చేశాను. సారు పేపర్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. మార్కులు తను చెప్పేదాకా ఎవరూ చెప్పొద్దన్నాడు, నాది దిద్దినమ్మాయి మాత్రం నా చెవిలో ఊదింది.

ఇంటికి నడిచి వస్తుంటే నూరీ అడిగింది, "గుండ్రంగా కూర్చునేదాంట్లో రవికి ఎదురుగా ఎవరొచ్చారే నీకు?" సుధ అన్నాను. "నాకూ అంతే. ఆ లెక్కలో అయిదూ చేశా" అని ఒక్కొక్కటి చెప్పింది. అయిదూ నా జవాబులే, నాకు అయిదూ రైటు పడ్డాయి. ఆమె కాగితం మీద వరసగా ఇంటూలు కొట్టిన చెయ్యి నాది. గడ్డివాము దాటి మా వీధి మలుపు దగ్గరకి వచ్చేసరికి నాకు మొత్తం అర్థమైంది. వెనక్కి వెళ్ళి సారుకి చెప్పాలి, పది నిమిషాల నడక. కానీ నాకు ముప్పై మూడు వచ్చాయి. ఆమె పందొమ్మిదిన్నర అలాగే ఉంటే క్లాసులో మొదటిసారి నేనే ఫస్టు. రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు సారు ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆ మర్నాడు నాకు ధైర్యం చాలలేదు అని రాయాలని ఉంది, కానీ అది అబద్ధం. ధైర్యంతో పని లేదు, ఒక్క మాటతో పని. ఆ మాట నేను అనదలచుకోలేదు.

పరీక్ష ముందు రోజు మధ్యాహ్నం మూడింటికి సారు అందర్నీ కూర్చోబెట్టాడు. పలనాటి ఎండకి రేకుల కింద కూర్చుంటే పుస్తకం అట్ట కూడా వేడెక్కేది. నలభై మందిమి, ఎవరి గొంతులోనూ తడి లేదు. నకరికల్లు నుంచి వచ్చే ఒకమ్మాయి అప్పటికే ఏడుస్తోంది. సారు ఓదార్చే మనిషి కాదు. చొక్కా చేతులు మడుచుకుని మొదలు పెట్టాడు.

"ఏడుపు రేపు హాల్లో పనికి రాదు. వినండి, రెండోసారి చెప్పను. పేపర్ ఇవ్వంగానే ఒకటో ప్రశ్న నుంచి వరసగా పడి చావొద్దు. మొదటి ఇరవై నిమిషాలు ఏరుకోవటమే. కోడింగు, చుట్టరికాలు, దిక్కులు, అక్షరాల వరసలు, చూడంగానే అర నిమిషంలో వచ్చేవి ఏరుకోండి. రాకపోతే ప్రశ్న నంబరుకి సున్నా చుట్టి ముందుకి పోండి. దాంతో కుస్తీ పట్టొద్దు, అది మీ మేనమామ కాదు. రెండో విడత సిలాజిజాలు. మేకలన్నీ డాక్టర్లు అని ఇస్తాడు. నవ్వొద్దు, ఒప్పుకోవాలి. ఇచ్చిందే నిజం, మీకు తెలిసింది ఇంటికాడ పెట్టి రండి. కొన్ని పెన్నులు పుస్తకాలు, పుస్తకాలన్నీ రాళ్ళు అంటే కొన్ని పెన్నులు రాళ్ళవుతాయి. కొన్ని పెన్నులు పుస్తకాలు, కొన్ని పుస్తకాలు రాళ్ళు అంటే పెన్నుకీ రాయికీ ఏ సంబంధమూ తేలదు. సున్నాలు గీసి చూడండి, నోటితో చెయ్యొద్దు."

నీళ్ళు తాగాడు. మాకు ఇవ్వలేదు.

"మూడో విడత గుండ్రంగా కూర్చునే లెక్కలు. ముందు సూటిగా ఇచ్చిన మాట పట్టుకోండి, ఫలానా వాడు ఫలానా వాడికి ఎదురుగా అన్నది. కాదు, లేదు అనే మాటలు ఆఖర్న. మధ్యకి తిరిగి కూర్చున్న వాడికి ఎడమ అంటే గడియారం ముల్లు తిరిగే వైపు, కుడి అంటే దానికి ఎదురు. దీన్ని ఏటా పదిమంది తిరగేసి, అయిదు ప్రశ్నలు ఒక్కసారే పోగొట్టుకుంటారు. ఇంక గుడ్డిగా కొట్టే వాళ్ళు. అయిదు ప్రశ్నలు గుడ్డిగా కొడితే ఒకటి తగులుద్ది, నాలుగు పోతాయి. వచ్చింది ఒకటి, కోత ఒకటి, మిగిలేది బూడిద. అదే అయిదు జవాబుల్లో రెండు ఖాయంగా కాదని తెలిస్తే పెట్టండి. అట్టాంటివి మూడు పెడితే ఒకటి వచ్చి, అర మార్కు పోద్ది. అర మార్కు లాభం. బబుల్ దిద్దేటప్పుడు అయిదేసి ప్రశ్నలకొకసారి నంబరు సరిచూసుకోండి. ఒకటి వదిలేసి పక్క గడిలో దిద్దారంటే అక్కణ్ణించీ అన్నీ తప్పే. నేను కాదు, దేవుడొచ్చినా కాపాడలేడు."

ఇదంతా నిజమే. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఇందులో ఒక్క మాట కొట్టేయడానికి లేదు. ఆయన ప్రసంగం చాలా మందిని గట్టెక్కించింది. కానీ దానికి ఒక తోక ఉండేది. ఆఖర్న ఒక నోటుబుక్కు తీసి, పూర్తి పరీక్ష మార్కులు చూసి, పేరు పేరునా నిలబెట్టి ఎవరు ఎన్ని ప్రశ్నలు చెయ్యాలో చెప్పేవాడు. దాన్ని ఆయన కొలత అనేవాడు. అందరి ముందూ చెబితేనే బుర్రకెక్కుతుందని ఆయన నమ్మకం. నన్ను లేపి, "ముప్పై మూడు, క్లాసు ఫస్టు. నలభై చెయ్ అమ్మాయ్, భయపడకు" అన్నాడు. ఒళ్ళంతా తేనె పోసినట్టయింది. ఆ తర్వాత నూరీ.

"నూర్జహాన్. పందొమ్మిదిన్నర." క్లాసంతా ఒక్కసారి తల తిప్పింది. "చూశారా. చిన్న పరీక్షల్లో ఫస్టు, ఫస్టు అని ఎగిరింది. ఇరవై ప్రశ్నల దాకా గుర్రం, ఆ తర్వాత గాడిద. ఇరవైకి పందొమ్మిది రైటు, ఆ తర్వాత ఇరవై రెండు చేస్తే అయిదు. బుర్ర అలిసిపోద్ది ఈ పిల్లకి. అలిసిందని తెలియక పరుగెత్తుద్ది."

నూరీ మొహం పాలిపోయింది. "సార్, నేను బాగానే చేశాను సార్. పేపర్ ఒకసారి చూస్తాను సార్."

"ఇయ్యాల పేపర్ చూపిచ్చేది లేదు. పాత తప్పులు చూసుకుంటే రేపు చెయ్యి వణుకుద్ది. పరీక్షలు అయినాక తీసుకుపో. నువ్వు ఇరవై ఐదు చెయ్. ఇరవై ఐదు దగ్గర ఆపెయ్, పెన్ను మూత పెట్టు. పోయినసారి కటాఫ్ ఇరవై రెండు. నీకు ఇరవై మూడొస్తే గట్టెక్కుతావు. ఆశపడి మళ్ళీ పరుగెత్తావంటే మునుగుతావు. మీ నాయన ట్రాక్టర్లు బాగు చేస్తాడుగా, ఇంజను వేడెక్కితే ఏం చేస్తాడు? ఆపేస్తాడు. అంతే. చెప్పు, మూత పెడతానని చెప్పు."

ఆమె నా వైపు చూసింది. దిద్దింది నేనని ఆమెకి తెలుసు, నేనేమన్నా అంటానేమోనని చూసింది. మా మధ్య జానెడు దూరం ఉంది. నేను నా పుస్తకం అట్ట వేలితో గీకుతూ కూర్చున్నాను. లేచి, సార్ నేను ఎ సెట్టు జవాబులతో దిద్దాను అంటే సరిపోయేది. సారు నన్ను నాలుగు తిట్టేవాడు, పిల్లలు నవ్వేవాళ్ళు, అంతటితో అయిపోయేది. ఆ నాలుగు తిట్లకీ ఆమె బతుకుకీ నేను వేసిన తూకం అది.

"పెడతాను సార్" అంది నూరీ.

కొందరు నవ్వారు. నేను కూడా నవ్వాను. ఎందుకు నవ్వానో చాలా ఏళ్ళు ఆలోచించాను. అందరూ నవ్వుతున్నప్పుడు నవ్వకపోతే నా మొహంలో తెలిసిపోతుందని భయం. అది ఒకటే కారణం కాదు. నాకు బాగుంది కూడా. ప్రతి ఉదయం మొద్దు అనిపించుకున్నదాన్ని కదా, ఆ రోజు గాడిద అనే మాట నాది కాదు.

మర్నాడు గుంటూరులో పరీక్ష. ఇద్దరికీ వేరు వేరు సెంటర్లు పడ్డాయి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నూరీ కిటికీ పక్కన కూర్చుంది. ఎన్ని చేశావని అడిగాను.

"ఇరవై ఐదు. పందొమ్మిది నిమిషాల్లో అయినాయి. మూత పెట్టేశా."

"మరి మిగతా టైము?"

"కూర్చున్నానే. చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఊరుకోబుద్ధి కాక గుండ్రంగా కూర్చునేది మనసులో చేశా, బబుల్ పెట్టలా. మూడో వాడు మాధవేగా?"

మాధవే. నేను కాగితం మీద నాలుగు సార్లు గీస్తే వచ్చిన జవాబు. అవునో కాదో తెలియదన్నాను. "అయితే నాది తప్పే అయి ఉంటదిలే. సారు చెప్పినట్టు నాకు ఇరవై దాటితే బుర్ర పనిచెయ్యదు" అంది. ఆమె ఆ మాట నమ్మేసిందని అప్పుడు తెలిసింది. మార్కులు పోవడం కన్నా అది ఎక్కువ. తన తల మీద తనకి నమ్మకం పోగొట్టుకుని కూర్చున్న మనిషి భుజం ఆ బస్సు కుదుపులకి నా భుజానికి తగులుతూ వచ్చింది.

ఆ ఏడు కటాఫ్ ఇరవై ఐదుకి పెరిగింది. నూరీకి ఇరవై నాలుగు రైటు, ఒకటి తప్పు, ఇరవై మూడు ముప్పావు. ఇంకో రెండు బబుళ్ళు సరిగ్గా పెట్టి ఉంటే చాలు. నాకు ముప్పై ఒకటి వచ్చాయి. మా పెద్దమ్మ నాకు పూర్ణాలు చేసి, ఒక గిన్నెలో గోడ అవతలికి కూడా ఇచ్చింది. మస్తాన్ బాబాయి కూతుర్ని ఒక్క మాట అనలేదు. రెండు వారాల్లో ఆమె ఆయన స్నేహితుడి స్పేర్ పార్ట్‌ల షాపులో పనికి చేరింది. తమ్ముడు కాలేజీలో చేరాడు. నాకు ఉద్యోగం, పెళ్ళి, బదిలీలు. నా పెళ్ళికి ఆమె మాచర్ల దాకా బస్సులో వచ్చి రెండు రోజులు ఉండి పనులు చేసి వెళ్ళింది. నేను ఆమె పెళ్ళికి వెళ్ళలేదు, సెలవు దొరకలేదని చెప్పాను.

శనివారం సెంటర్ నుంచి బయటికి వచ్చి నేరుగా ఆ షాపుకి వెళ్ళాను. ఇప్పుడు అది ఆమెదే, భర్తతో కలిసి కొనుక్కుంది. ఒక రైతు విరిగిన బోల్టు తెచ్చి కౌంటర్ మీద పెడితే దాన్ని చేతిలోకి కూడా తీసుకోకుండా సైజు చెప్పేసింది. నన్ను చూసి కౌంటర్ పలక పైకెత్తి ఇవతలికి వచ్చి కావలించుకుంది. "ఏమే, ఆఫీసరమ్మా, ఇప్పటికి తోవ తెలిసిందా?" జుట్టు నెరిసింది. నవ్వు అదే. సెంటర్‌లో మాట్లాడి వస్తున్నానని చెప్పాను. సారు మాట వచ్చింది. ఇక ఆపుకోలేక, "నూరీ, ఆ పేపర్ నేను తప్పు దిద్దానే" అన్నాను.

"తెలుసు" అంది.

ఫ్లాస్కులోంచి టీ గ్లాసులోకి వంచుతూ చెప్పింది.

"రిజల్ట్ వచ్చినాక సర్టిఫికెట్ల కోసం పోతే సారు పేపర్ కూడా ఇచ్చాడు. ఇంట్లో కూర్చుని చూసుకున్నా. నువ్వు ఎ సెట్టుతో దిద్దావు. కరెక్టుగా దిద్దితే ముప్పై ఏడు వచ్చాయే నాకు. ఆ రోజు చానా ఏడిచా. ముప్పై ఏడు వచ్చినందుకు ఏడిచా." టీ గ్లాసు నా ముందుకి జరిపింది. "ఒకటి అడుగుతా చెప్పు. ఇన్నేళ్ళూ అడగలా. సారు నన్ను లేపినప్పుడు నీకు తెలుసా?"

ఆమె కళ్ళలోకి చూశాను. భయంగా ఉంది ఆమెకి, నా జవాబుకి భయపడుతోంది. నిజం చెప్పడానికే వచ్చాను, ఒట్టు, అందుకే వచ్చాను.

"లేదే. ఇంటికెళ్ళాక చాలా రోజులకి తట్టింది" అన్నాను.

ఆమె భుజాలు కిందికి దిగాయి. "నాకు తెలుసు. మా ఆయన ఒకసారి అన్నాడు, తెలిసే నోరు మూసుకుని ఉంటదని. నెల రోజులు ఆయనతో మాట్లాడలా నేను. విజయ అట్టాంటిది కాదు అన్నా" అని భర్త ఉన్న లోపలి గది వైపు చూసి, "విన్నావా?" అని కేకేసింది. కేకలో గెలిచిన సంతోషం ఉంది. నాకు కూడా, సిగ్గు లేకుండా చెబుతున్నాను, ప్రాణం లేచి వచ్చింది. టీ చివరి దాకా తాగాను.

బయల్దేరుతుంటే ఇప్పుడేం రాస్తున్నావని అడిగింది. చిన్ననాటి సంగతులు అన్నాను. "అయితే మన కోచింగు కూడా రాయి. షాపులో మధ్యాహ్నం గిరాకీ ఉండదు, కూర్చుని చదువుకుంటా. మొదటి కాపీ నాకే పంపాలి" అంది.

అలాగే అన్నాను.